ఊరు మారితే ఇచ్చే రెండు లక్షలు

హైదరాబాద్‌ మియాపూర్‌లో అద్దెకుంటున్న ఒక సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగికి బెంగళూరులో కొత్త ఉద్యోగం వచ్చిందనుకుందాం. భార్య, ఒక పాప. ఆఫర్‌ లెటర్‌లో జీతం వివరాలన్నీ అయ్యాక, చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: ఊరు మారే ఖర్చులకు రెండు లక్షల రూపాయల వరకు రీలొకేషన్‌ సాయం, కంపెనీ నిబంధనలకు లోబడి. ఆయన జీతం అంకె మీద మూడుసార్లు బేరమాడాడు. ఈ వాక్యాన్ని ఒక్కసారి చదివి సంతోషపడి సంతకం పెట్టేశాడు. పది మందిలో తొమ్మిది మంది చేసేది అదే.

ఆ ఒక్క వాక్యంలో నాలుగు సంగతులున్నాయి. డబ్బు ఒకేసారి ఇస్తారా, బిల్లులు చూపిస్తే ఇస్తారా? అద్దె భారం ఎవరు, ఎలా మోస్తారు? పన్ను ఎవరి జేబులోంచి పోతుంది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి? వీటికి వచ్చే జవాబులను బట్టి అదే రెండు లక్షలు ఒకరికి పూర్తిగా ఉపయోగపడతాయి, మరొకరికి ఏడాది తిరక్కుండానే అప్పుగా మారతాయి. మన ఉద్యోగి లెక్కనే చివరిదాకా వేసి చూద్దాం. ఈ అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి. 2026 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాత ఊరు మారేవాళ్లు ఆ ఏడాది పరిమితులను సరిచూసుకోవాలి.

లంప్‌సమ్‌ లెక్క

మన ఉద్యోగి 2025 అక్టోబర్‌ 1న చేరాడు. ఆ ఏడాది పాత, కొత్త కంపెనీల జీతాలు కలిపి 18 లక్షలు. స్టాండర్డ్‌ డిడక్షన్‌ 75 వేలు పోగా పన్ను లెక్కకు వచ్చేది 17.25 లక్షలు. కొత్త విధానంలో 16 లక్షల నుంచి 20 లక్షల మధ్య ఆదాయానికి 20 శాతం పన్ను. కంపెనీ లంప్‌సమ్‌గా ఇచ్చిన రెండు లక్షలు జీతంలో కలిసి సరిగ్గా ఈ మెట్టు మీదే పడ్డాయి. పన్ను 40 వేలు, దానిపై 4 శాతం సెస్సు 1,600. మొత్తం 41,600 టీడీఎస్‌ కింద కోసేసి, మొదటి నెల జీతంతో పాటు 1,58,400 ఖాతాలో వేశారు.

మొదటి నెల జీతంతో పాటు అన్న మాట ముఖ్యం. లారీకి, టికెట్లకు, హోటల్‌కు డబ్బు కట్టాల్సింది సెప్టెంబర్‌ నెలాఖరులో. కంపెనీ డబ్బు వచ్చింది అక్టోబర్‌ నెలాఖరులో. నెల మధ్యలో చేరినవాళ్లకు ఆ నెల పేరోల్‌ గడువు దాటిపోతే ఇంకో నెల ఆగాలి. కాబట్టి ప్యాకేజీ ఎంత పెద్దదైనా, ముందు పెట్టుబడి ఉద్యోగిదే. కొన్ని కంపెనీలు చేరేముందే ప్యాకర్లకు నేరుగా చెల్లిస్తాయి. అడిగితే తప్ప ఆ సంగతి చెప్పరు.

ఇప్పుడు ఖర్చులు. రెండు పడగ్గదుల ఇంటి సామాను, స్కూటర్‌ లారీలో తరలించడానికి 41 వేలు. ముగ్గురి ప్రయాణానికి 12 వేలు. ఇల్లు దొరికేదాకా 15 రోజులు సర్వీస్‌ అపార్ట్‌మెంట్‌లో, రోజుకు మూడు వేల చొప్పున 45 వేలు. 32 వేల అద్దెకు ఇల్లు కుదిరింది, బ్రోకర్‌కు ఒక నెల అద్దె. మియాపూర్‌ ఇంటి యజమానికి నెల ముందు చెప్పలేకపోయాడు కాబట్టి అక్కడ ఒక నెల అద్దె 22 వేలు వదులుకున్నాడు. అన్నీ కలిపితే 1,52,000. చేతికొచ్చింది 1,58,400. మిగిలింది 6,400.

ఇక్కడిదాకా బాగానే గట్టెక్కాడు. కానీ బెంగళూరు ఇంటి యజమాని ఐదు నెలల అద్దె అడ్వాన్సుగా అడిగాడు. అంటే 1,60,000. అది ఖర్చు కాదు, ఖాళీ చేసేటప్పుడు తిరిగి వచ్చేదే. కానీ ఆ రోజున కట్టాల్సిన డబ్బు. హైదరాబాద్‌లో రెండు, మూడు నెలల అద్దె అడ్వాన్సుకు అలవాటుపడ్డ కుటుంబాలకు మొదట తగిలే దెబ్బ ఇదే. హైదరాబాద్‌ యజమాని దగ్గరున్న పాత అడ్వాన్సు, గోడలకు రంగులు, చిన్న రిపేర్ల కింద కొంత పోగా, నెల రోజులకు వచ్చింది. ఈలోపు వ్యక్తిగత రుణం తీసుకున్నాడు.

రెండు లక్షలు పూర్తిగా చేతికి రావాలంటే కంపెనీ ఎంత ఇవ్వాలి? 20.8 శాతం పన్ను పోగా రెండు లక్షలు మిగలాలి కాబట్టి 2,52,500 రూపాయలకు కాస్త అటూ ఇటూగా. పన్ను భారం తామే మోసి ఇలా పెంచి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ముఖ్యంగా సీనియర్‌ ఉద్యోగాలకు. హెచ్‌ఆర్‌ వాళ్లు దీన్ని గ్రాస్‌అప్‌ అంటారు. ఆఫర్‌ లెటర్‌లో ఆ మాట లేకపోతే రాసిన అంకె పన్నుకు ముందుదే.

ఒకటే లారీ, రెండు పన్నులు

అదే ఆఫీసులో ఆయన పక్క సీట్లో కూర్చునే ఆమె కూడా హైదరాబాద్‌ నుంచే వచ్చింది. జీతం దాదాపు అంతే, సామాను అంతే, ఖర్చులూ అంతే. తేడా ఒక్కటే. ఆమె అదే కంపెనీ హైదరాబాద్‌ శాఖలో పనిచేస్తూ బదిలీపై వచ్చింది. ఆయన వేరే కంపెనీ మానేసి కొత్తగా చేరాడు. ఈ ఒక్క తేడాతో పన్ను మారిపోతుంది.

ఆదాయపన్ను నిబంధనల్లో బదిలీకి ప్రత్యేక స్థానం ఉంది. బదిలీ మీద వెళ్లే ఉద్యోగికి ప్రయాణానికి, సామాను కట్టించి తరలించడానికి ఇచ్చే అలవెన్సు, నిజంగా ఖర్చయినంత మేరకు పన్ను లేకుండా పోతుంది. ప్రయాణ రోజుల్లో భోజనం వంటి రోజువారీ ఖర్చులకు ఇచ్చే భత్యానికీ ఇదే సూత్రం. ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు కొత్త పన్ను విధానంలో దొరకదు కానీ, ఈ బదిలీ మినహాయింపు మాత్రం కొత్త విధానంలోనూ కొనసాగింది. 2020 జూన్‌లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు దీన్ని స్పష్టంగానే రాసింది. అలాగే బదిలీ సందర్భంలో కంపెనీ హోటల్లో ఉంచితే మొత్తం 15 రోజుల వరకు దాన్ని జీతంలో కలిపే సదుపాయంగా లెక్కించరు. పదహారో రోజు నుంచి లెక్కిస్తారు.

ఆమె విషయంలో లారీ, ప్రయాణం కలిపి 53 వేలు, కంపెనీయే కట్టిన 15 రోజుల బస 45 వేలు. మొత్తం 98 వేల మీద పన్ను లేదు. 20.8 శాతం లెక్కన 20,384 రూపాయలు ఆమెకు మిగిలాయి. బ్రోకరేజి, పాత ఇంటి అద్దె వంటివి ఆ నిబంధన మాటల్లో సూటిగా ఇమడవు కాబట్టి చాలా కంపెనీలు వాటిని జీతంలోనే కలుపుతాయి.

కొత్తగా చేరిన ఆయనకు ఈ దారి తెరుచుకోదు. బదిలీ అంటే ఉన్న ఉద్యోగంలోనే చోటు మారడం. ఇంకా ఉద్యోగి కాని మనిషి కొత్త కంపెనీలో చేరడానికి పడే ఖర్చు ఆయన సొంత ఖర్చే. కంపెనీ దాన్ని భరిస్తే, ఉద్యోగి కట్టాల్సింది యజమాని కట్టినట్టే, అది జీతం కిందికే వస్తుంది. చేరేముందు లంప్‌సమ్‌గా ముట్టినా అంతే. కొందరు హెచ్‌ఆర్‌ వాళ్లు ‘బిల్లులు పెట్టండి సర్‌, పన్ను పడదు’ అని భరోసా ఇస్తుంటారు. కొత్తగా చేరేవారి విషయంలో ఆ మాటను పేరోల్‌ విభాగం నుంచి మెయిల్‌లో రాయించుకోవాలి. నోటిమాట నమ్మి ఉంటే, మార్చిలో ఒక్కసారిగా టీడీఎస్‌ కోత పడినప్పుడు అడగడానికి ఎవరూ ఉండరు.

బదిలీపై వెళ్లేవాళ్లకూ ఒక ఉచ్చు ఉంది. లంప్‌సమ్‌ ఇచ్చేసి బిల్లులు అడగని కంపెనీ ఉదారంగా కనిపిస్తుంది. కానీ మినహాయింపు నిజంగా ఖర్చు పెట్టినంతకే కాబట్టి, బిల్లుల్లేని లంప్‌సమ్‌ మొత్తానికీ పన్ను పడుతుంది. ఇక బిల్లు సంపాదించడం కూడా చెప్పినంత తేలిక కాదు. తక్కువ రేటు చెప్పి సామాను ఎక్కించుకుని, బెంగళూరులో దించేముందు ‘లిఫ్ట్‌ లేదు, ఇంకో ఎనిమిది వేలు ఇవ్వండి’ అని నగదు అడిగే ప్యాకర్లు ఉన్నారు. ఆ ఎనిమిది వేలకు బిల్లు ఉండదు, కంపెనీ ఇవ్వదు. జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు, ఉద్యోగి పేరు, బయల్దేరిన చోటు, చేరిన చోటు, తేదీ, లారీ రసీదు ఉన్నాయో లేదో సామాను ఎక్కించే రోజే చూసుకోవాలి. మెట్లెక్కించే కూలి కూడా కొటేషన్‌లోనే రాయించాలి.

బదిలీ ప్యాకేజీ ఎలా ఉండాలో చూడాలంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనలు మంచి నమూనా. ఏడో వేతన సంఘం తర్వాత వచ్చిన 2017 ఉత్తర్వుల ప్రకారం, 20 కిలోమీటర్లు దాటిన వేరే ఊరికి బదిలీ అయితే చివరి నెల మూల వేతనంలో 80 శాతం బదిలీ, ప్యాకింగ్‌ గ్రాంటుగా ఇస్తారు. మూల వేతనం 56,100 ఉన్న అధికారికి అది 44,880. సామాను రవాణాకు హోదాను బట్టి కిలోమీటరుకు ఇంత అని వేరే లెక్క. మొత్తం ఎంతో, దేనికోసమో ముందే తెలుస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో ‘నిబంధనలకు లోబడి’ అన్న మాట వెనక ఉన్న ఆ నిబంధనల పత్రాన్ని చేరకముందు చూపించమని అడిగే హక్కు అభ్యర్థికి ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

అద్దె సాయంలో మూడు రకాలు

లంప్‌సమ్‌ బదులు మూడు నెలల అద్దె తామే భరిస్తామనే కంపెనీలూ ఉన్నాయి. వినడానికి ఒకటే, చేసే తీరును బట్టి పన్ను వేరు.

మొదటిది, జీతంతో పాటు నెలకు 32 వేలు అద్దె అలవెన్సుగా వేయడం. మూడు నెలలకు 96 వేలు. కొత్త పన్ను విధానంలో ఉన్న మన ఉద్యోగికి ఇది మొత్తం జీతమే. పన్ను 19,968. పాత విధానం ఎంచుకున్నవాళ్లకు, అది ఇంటి అద్దె అలవెన్సు రూపంలో ఉంటే కొంత మినహాయింపు దొరుకుతుంది.

రెండోది, కంపెనీయే ఇంటి యజమానితో లీజు రాసుకుని ఉద్యోగికి ఇల్లివ్వడం. అప్పుడు పన్నుకు వచ్చే విలువ అసలు అద్దె, లేదా జీతంలో 10 శాతం, రెండింటిలో ఏది తక్కువైతే అది. 2023 సెప్టెంబర్‌ 1కి ముందు ఇది 15 శాతం ఉండేది, తగ్గించారు. ఈ లెక్కకు మన ఉద్యోగి నెల జీతం లక్షన్నర అనుకుంటే పది శాతం 15 వేలు. మూడు నెలలకు 45 వేల మీద పన్ను 9,360. అదే ఇల్లు, అదే అద్దె, కానీ పన్ను సగానికి పైగా తగ్గింది. కంపెనీకి కాస్త కాగితాల పని పెరుగుతుంది, అందుకే చిన్న సంస్థలు దీనికి ముందుకు రావు. ఇలాంటి ఇంట్లో ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. లీజు కంపెనీ పేరు మీదున్నంత కాలం, ఉద్యోగం మానేసిన రోజే ఇల్లూ ఖాళీ చేయాల్సి రావచ్చు. మూడు నెలల తర్వాత లీజు తన పేరుకు మార్చడానికి యజమాని ఒప్పుకుంటాడా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి.

మూడోది నిజంగా ఎక్కువమందికి పనికొచ్చేది: అడ్వాన్సు కట్టడానికి వడ్డీ లేని అప్పు. మన ఉద్యోగిని దెబ్బతీసింది ఖర్చు కాదు, 1,60,000 అడ్వాన్సు. దాన్ని కంపెనీ అప్పుగా ఇచ్చి నెలనెలా జీతంలో కోసుకుంటే, అసలు మొత్తం మీద పన్ను ఉండదు. అప్పు 20 వేలు దాటితే మాత్రం, అలాంటి అప్పుకు స్టేట్‌ బ్యాంక్‌ ఆ ఏడాది ఏప్రిల్‌ 1న వసూలు చేసే వడ్డీ రేటు చొప్పున వడ్డీ లెక్కగట్టి దాన్ని జీతంలో కలుపుతారు. లెక్క కోసం రేటు 10 శాతం అనుకుని, అప్పు ఏడాది పొడవునా తీరకుండా ఉందనుకున్నా 16 వేల మీదే పన్ను, అంటే 3,328. నెలనెలా తీరుస్తుంటే ఇంకా తక్కువ. వ్యక్తిగత రుణం మీద ఆయన కట్టిన వడ్డీతో పోలిస్తే ఇది చాలా నయం. రెండు లక్షల లంప్‌సమ్‌ బదులు లక్ష లంప్‌సమ్‌, లక్షన్నర వడ్డీ లేని అప్పు అడిగినా చాలా కుటుంబాలకు మేలే. కంపెనీకీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఒప్పించడం తేలిక.

అద్దె మాటల్లో పడి అందరూ మరిచిపోయేది వాహనం. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టర్‌ చేయించాలి. దానికి పాత ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం, కొత్త రాష్ట్రంలో రోడ్డు పన్ను. కారుకైతే ఇది లారీ బాడుగను మించిపోయే ఖర్చు. అయినా ప్యాకేజీల్లో దీనికి చోటుండదు, ఎందుకంటే ఖర్చు వచ్చేసరికి బిల్లులు పెట్టే మూడు నెలల గడువు ఎప్పుడో దాటిపోతుంది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు కొత్త బండి కొనేటప్పుడు 2021లో వచ్చిన బీహెచ్‌ సిరీస్‌ తీసుకుంటే ఈ తిప్పలుండవు.

ఇంకో సంగతి. ఏడాది మధ్యలో మారినవాళ్లు పాత కంపెనీలో వచ్చిన జీతం, అక్కడ కోసిన టీడీఎస్‌ వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండు చోట్లా స్టాండర్డ్‌ డిడక్షన్‌, కింది మెట్ల తక్కువ పన్ను లెక్కించేస్తారు. నెలనెలా పన్ను తక్కువ పడుతోందని సంబరపడినవాళ్లు జూలైలో రిటర్న్‌ వేసేటప్పుడు వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. లంప్‌సమ్‌ వచ్చిన ఏడాది ఈ తేడా ఇంకా పెద్దది.

మానేస్తే ఎంత తిరిగి కట్టాలి

అసలు చిక్కు ఇక్కడుంది. మన ఉద్యోగికి బెంగళూరు నచ్చలేదు. తండ్రి ఆరోగ్యం బాగాలేదు, హైదరాబాద్‌లోనే ఇంకో ఉద్యోగం దొరికింది. పది నెలలు పూర్తిచేసి 2026 జూలై 31న మానేశాడు. ఒప్పందంలో ఏడాదిలోపు మానేస్తే రీలొకేషన్‌ మొత్తం తిరిగి చెల్లించాలని ఉంది. హెచ్‌ఆర్‌ భాషలో దీని పేరు క్లాబ్యాక్‌. ఇది మూడు రకాలుగా రాసి ఉండవచ్చు.

మొత్తం, పన్నుకు ముందు అంకె తిరిగి కట్టాలని ఉంటే 2,00,000. ఆయనకు అందింది 1,58,400 మాత్రమే. తన చేతికి ఎన్నడూ రాని 41,600 కూడా జేబులోంచి కట్టాలి. పనిచేసిన నెలలను బట్టి తగ్గుతుందని ఉంటే, మిగిలిన రెండు నెలలకు రెండు లక్షల్లో ఆరో వంతు, 33,333. అది కూడా పన్ను పోగా అందిన మొత్తం మీదే అని ఉంటే 26,400. ఒకే మనిషి, ఒకే పది నెలలు. వాక్యం రాసిన తీరును బట్టి రెండు లక్షల నుంచి 26 వేల దాకా తేడా. జీతం మీద మూడుసార్లు చేసిన బేరంలో ఒకటి ఈ వాక్యం మీద చేసి ఉండాల్సింది.

గడువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా చూడాలి. చేరిన రోజు నుంచా, డబ్బు పడిన రోజు నుంచా? రాజీనామా ఇచ్చిన రోజు లెక్కా, ఆఖరి పనిదినం లెక్కా? పదకొండో నెలలో రాజీనామా ఇచ్చి, రెండు నెలల నోటీసు పూర్తిగా చేసి పదమూడో నెలలో వెళ్లినవాళ్లు కూడా ‘ఏడాదిలోపు రాజీనామా చేస్తే’ అన్న మాటకు దొరికిపోతారు. ‘ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా’ అని ఉంటే కంపెనీయే తీసేసినా కట్టాలని అర్థం వస్తుంది. అది అన్యాయం. ఉద్యోగి తానుగా మానేసినా, తప్పు చేసి తొలగించబడినా మాత్రమే అని మార్చమని అడగాలి. చాలా కంపెనీలు ఈ మార్పుకు ఒప్పుకుంటాయి, ఎందుకంటే వాళ్ల భయం కూడా డబ్బు తీసుకుని వెళ్లిపోయేవాళ్ల గురించే.

మరి కట్టేసిన పన్ను సంగతి? తిరిగి చెల్లింపు అదే ఆర్థిక సంవత్సరంలో జరిగితే పేరోల్‌ వాళ్లు ఆ మొత్తాన్ని జీతంలోంచి తీసేసి టీడీఎస్‌ సరిచేయగలరు. ఫామ్‌ 16లో తగ్గిన జీతమే కనిపిస్తుంది. మార్చి 31 దాటితే కథ మారుతుంది. మన ఉద్యోగి డబ్బు తీసుకున్నది 2025–26లో, తిరిగి కట్టింది 2026–27లో. మొదటి ఏడాది ఫామ్‌ 16 ఇచ్చేశారు, రిటర్న్‌ వేసేశారు. రెండో ఏడాది చివరి లెక్కలో కోసుకున్న మొత్తాన్ని ఆ ఏడాది జీతంలోంచి తగ్గించి చూపడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి.

ఈ విషయంలో ఉద్యోగులకు కాస్త ఊరటనిచ్చే తీర్పు ఒకటుంది. 2017లో అహ్మదాబాద్‌ ఆదాయపన్ను అప్పిలేట్‌ ట్రిబ్యునల్‌, నోటీసు కాలం పూర్తిచేయనందుకు పాత కంపెనీలు జీతంలో కోసుకున్న మొత్తం మీద పన్ను వేయడానికి వీల్లేదని, నిజంగా అందిన జీతం మీదే వేయాలని చెప్పింది. అది నోటీసు జీతం గురించి, రీలొకేషన్‌ గురించి కాదు. దేశమంతటా అందరినీ కట్టిపడేసే తీర్పూ కాదు. అయినా తిరిగి కట్టిన డబ్బుకు మినహాయింపు అడిగేవాళ్లు దీన్ని ఆధారంగా చూపుతారు. అడగాలంటే మాత్రం కంపెనీ నుంచి ఎంత, ఎప్పుడు, దేనికింద వసూలు చేశారో తెలిపే ఉత్తరం ఉండాలి. ఆఖరి పేస్లిప్‌లో ‘ఇతర కోతలు’ అని ఒక్క అంకె ఉంటే పనికిరాదు.

ఆ అంకెలో జీఎస్టీ కూడా దూరిందేమో చూడాలి. ఉద్యోగం మధ్యలో మానేసినవాళ్ల నుంచి వసూలు చేసే మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలిపిన సంస్థలు ఉండేవి. 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్‌ ఈ అయోమయానికి తెర దించింది. ముందుగా అనుకున్న కాలం పూర్తిచేయనందుకు ఉద్యోగి కట్టే బాండు మొత్తం, వదులుకునే జీతం జీఎస్టీ పరిధిలోకి రావని అందులో రాశారు. ఆ సర్క్యులర్‌ నంబరు 178. ఎవరైనా కలిపితే దాన్ని చూపించవచ్చు.

అసలు ఇలాంటి షరతు చెల్లుతుందా అని కొందరు అడుగుతారు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో దాదాపు ఇలాంటి ప్రశ్నకే జవాబిచ్చింది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు మీద 2007లో చేరిన అధికారి, 2009లో రాజీనామా చేసి వేరే బ్యాంకుకు వెళ్లాడు. రెండు లక్షలు అభ్యంతరంతోనే కట్టి కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టు ఆయన వైపు నిలిచింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ షరతు ఉద్యోగం మారకుండా కట్టిపడేయడం కాదని, ప్రభుత్వ రంగ బ్యాంకు మళ్లీ నోటిఫికేషన్‌ ఇచ్చి, పరీక్షలు పెట్టి మనిషిని తీసుకోవడానికి అయ్యే ఖర్చు దృష్ట్యా ఆ మొత్తం ఎక్కువేమీ కాదని చెప్పింది.

దీన్నిబట్టి సంతకం పెట్టాక ‘ఇది చెల్లదు’ అని ధీమాగా ఉండటం పొరపాటు. అలాగని కంపెనీ ఏ అంకె రాసుకుంటే అది వసూలవుతుందనీ కాదు. కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్‌ ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పించాలి. ఉద్యోగికి ఇచ్చింది లక్షన్నర అయితే, మానేసినందుకు ఐదు లక్షలు కట్టమనే షరతును కోర్టులో నిలబెట్టుకోవడం కంపెనీకి కష్టం. ఇచ్చిందే తిరిగి అడిగితే మాత్రం ఉద్యోగి తప్పించుకోవడం కష్టం.

కాబట్టి బేరం ఆడాల్సింది మానేసే రోజున కాదు, ఆఫర్‌ లెటర్‌ మీద సంతకం పెట్టకముందు. ఆ రెండు, మూడు రోజుల్లో కంపెనీకి మనిషి కావాలి, అప్పుడే అడిగినవి జరుగుతాయి. ఒక చిన్న మెయిల్‌ చాలు. రాసిన మొత్తం పన్నుకు ముందా తర్వాతా, ఎప్పుడు వేస్తారు, అడ్వాన్సుకు అప్పు ఇస్తారా, మానేస్తే కట్టాల్సింది నెలల లెక్కన తగ్గుతుందా అని అడగండి. అన్నిటికీ ఒప్పుకోకపోయినా ఆఖరిదాన్ని మాత్రం వదలకండి. మొత్తం పెంచమని పట్టుబట్టడం కన్నా, కట్టాల్సింది నెలనెలా తగ్గేలా, అది కూడా చేతికందిన మొత్తం మీదే లెక్కించేలా రాయించుకోవడమే లాభం. మన ఉద్యోగి ఈ ఒక్క మార్పు అడిగి ఉంటే, జూలై 31న లక్షా 73 వేల 600 రూపాయలు మిగిలేవి.